ఎవరికి వద్దో రాయని జాబితా

ఆ ఫోన్ ఒక ఆదివారం పొద్దున వచ్చింది. విజయనగరం నుంచి.

"అమ్మా, మీరు పంపిన పార్సిలు అందింది. వస్తువు బాగుంది. కాకపోతే మార్చి ఇంకేదైనా పంపగలరా? మా కోడలికి ఇచ్చేద్దామనుకున్నాను గానీ, పంపిన పిల్లాడు నొచ్చుకుంటాడు" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. ఏం లోపం కనిపించిందండీ అని అడిగాను. కాసేపు ఆగి, "లోపం దాన్లో లేదమ్మా. మూత తీస్తే పసుపూ కుంకుమా ఉన్నాయి. నలుగురి ముందు విప్పాం. మా వారు పోయి నాలుగేళ్లయింది" అన్నారు.

ఆ పార్సిలు ఎంచినవాడు బెంగళూరులో ఉద్యోగం చేసే ఆవిడ అక్క కొడుకు. పిన్ని కొత్త ఇంట్లో పాలు పొంగిస్తోందని తెలిసి, రాలేక, నేను తయారుచేసిన జాబితా చూసి ఎంచుకున్నాడు. సందర్భం గృహప్రవేశం. ఎవరికి అంటే అమ్మ, పిన్ని, అత్తలకు. ఎంతలో అంటే వెయ్యిలోపు. ఆ మూడూ నొక్కితే నా జాబితా మొదట చూపించింది మూత పెట్టిన ధోక్రా పెట్టె. జాబితాలో దాని పేరు "ధోక్రా ఇత్తడి పెట్టె" అనే ఉంది. పసుపు కుంకుమ పొట్లాల ముచ్చట అందులో లేదు. ఊరికే శుభంగా ఉంటుందని, అడగకుండానే లోపల పెట్టింది నేను. ఆ అబ్బాయి తప్పు ఒక్కటీ లేదు. మూడు ప్రశ్నలు అడిగి, మూడింటికీ సరైన జవాబులు తీసుకుని, ఆవిణ్ణి నలుగురిలో చిన్నబుచ్చింది నా జాబితా.

ఈ జాబితా ఎలా మొదలైందో చెబితే తప్ప ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలీదు.

మాది ఒడిశా కొండల మీది సునాబెడ. 1960లలో మిగ్ విమానాల ఇంజిన్ల కోసం హిందూస్థాన్ ఏరోనాటిక్స్ ఇక్కడ కర్మాగారం పెట్టినప్పటి నుంచీ కింద నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు కొదవ లేదు. పక్కనే సెమిలిగుడ, అటు దమన్‌జోడిలో నాల్కో. మేం "కింద" అంటే సాలూరు ఘాట్ దిగి పార్వతీపురం, విజయనగరం, విశాఖ. చుట్టాలందరూ అక్కడే. పెళ్లికి దిగినా, సారె తీసుకెళ్లినా, చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఘాట్ దిగి వెళ్లి అక్కడి బజారులోనే స్టీలు గిన్నె కొని ఇస్తే, కొండ మీద నుంచి వచ్చినవాళ్లు తెచ్చిందేమిటని అడుగుతారు. అందుకని జనం నన్ను అడిగేవారు. మా వారు కర్మాగారంలో పని. నాకు ఊళ్ల మీద తిరిగే అలవాటు. కొరాపుట్ సంతలోనూ, కోట్‌పాడ్‌లోనూ, రాయగడ వైపూ ఎక్కడ ఏది దొరుకుతుందో తెలుసు. అలా పద్నాలుగు వస్తువులతో ఒక చిన్న వ్యాపారం మొదలైంది. ఫోనులో పంపే ఫొటోల జాబితా, దుకాణాల్లో ఇచ్చేందుకు దానికే ఒక అచ్చు కాగితం.

మొదటి జాబితాను వస్తువుల వారీగా కట్టాను. కాఫీ ఒక చోట, బట్ట ఒక చోట, ధోక్రా ఒక చోట, కాలాజీరా బియ్యం ఒక చోట. ప్రతిదాని కిందా దాని చరిత్ర. కోట్‌పాడ్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, కాలాజీరాకు 2024 ఆరంభంలో వచ్చిందనీ రాశాను. అన్నీ నిజాలే. కానీ చదివినవాళ్లు అదంతా పక్కన పెట్టి ఫోన్ చేసేవారు. "అదంతా సరేగాని పిన్నీ, మా తోడికోడలి అన్న కొడుకు పెళ్లికి ఏటియ్యమంటావు?" అని. నా దగ్గర ఏముందో నా జాబితా చెబుతోంది. వాళ్లకు కావలసింది తోడికోడలి అన్న కొడుకు సంగతి. అమ్మేవాళ్లకు వస్తువు ముందు కనబడుతుంది, కానుక కొనేవాళ్లకు మనిషి ముందు కనబడతాడు. ఇది తెలియడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

రెండో జాబితాను అందుకే తిరగేసి కట్టాను. ఐదు సందర్భాలు: పెళ్లి, గృహప్రవేశం, సీమంతం, ఉద్యోగ విరమణ, పండగ. ఆరు రకాల మనుషులు: పెళ్లికూతురు, దంపతులు, అమ్మ పిన్ని అత్తలు, నాన్న మామగార్లు, పిల్లలు, ఆఫీసువాళ్లు. నాలుగు ధరల మెట్లు. ఎంతో శాస్త్రీయంగా చేశానని మురిసిపోయాను. ఐదును ఆరుతో, దాన్ని నాలుగుతో హెచ్చవేస్తే 120 గదులు. వాటిని నింపడానికి నా దగ్గరున్నవి పద్నాలుగు వస్తువులు!

గది ఖాళీగా ఉంటే కొనేవాడు వెళ్లిపోతాడన్న భయంతో ప్రతి వస్తువునూ దొరికినన్ని గదుల్లో పెట్టాను. కాఫీ పొడి సీమంతానికీ ఉంది, పిల్లలకూ ఉంది. ధోక్రా పెట్టె అన్ని సందర్భాల్లోనూ ఉంది. "ఎవరికైనా ఇవ్వవచ్చు" అనే మాట తొమ్మిది చోట్ల రాశాను. ఫలితమేమిటంటే, ఏ గది తెరిచినా అవే నాలుగు వస్తువులు. అడగడానికి మూడు ప్రశ్నలు అడుగుతుంది, జవాబును మాత్రం పట్టించుకోదు. ఎవరికైనా ఇవ్వవచ్చు అని రాసిన వస్తువు ఎవరి కోసమూ ఎంచింది కాదు. విజయనగరం వెళ్లిన పెట్టె ఆ మాట చాటునే వెళ్లింది.

ఆవిడ ఫోన్ తర్వాత నాకు తోచిన మొదటి ఉపాయం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఎవరికి" అన్న చోట ఇంకొక గది చేరుద్దామనుకున్నాను. భర్త లేనివారికి అని. మా వదినకు చూపిస్తే కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఆ గది మీద వేలు పెట్టి నొక్కే కొడుకు ఎవడే? నొక్కినా, కానుక వెనకాల ఆ పేరు ఉందని ఆ తల్లికి తెలిస్తే?" అంది.

అప్పుడు తట్టింది. అడగకూడని ప్రశ్నకు ఒక గది కట్టడం కాదు పరిష్కారం, ఆ ప్రశ్న అడిగే అవసరమే రాకుండా వస్తువుల్ని అమర్చాలి. నా పద్నాలుగింటిలో కట్టుబాటుతో ముడిపడ్డవి ఏవో చూసుకున్నాను. కుంకుమ ఉన్నది, గాజులున్నది, నలుపు రంగుది, పదునైనది. ఇవి నాలుగే. వాటిని, అవి నప్పని గదులన్నిటి నుంచీ తీసేశాను. కుంకుమ భరిణెకూ గాజుల పెట్టెకూ "పేరంటానికి" అని విడిగా ఒకే ఒక చోటు ఇచ్చాను. అది కావాలనుకున్నవాళ్లు వెతుక్కుని వెళతారు, ఇచ్చేది ఎవరికో తెలిసే వెళతారు. అమ్మ, పిన్ని, అత్త అన్న గదిలో మిగిలినవి ఏ ఇంట్లో ఏ మనిషైనా నలుగురి ముందు విప్పగలిగినవి. వస్తువు పేరు కూడా లోపల ఏముందో పూర్తిగా చెప్పేలా మార్చాను. ఊరికే ఏదో ఒకటి లోపల పెట్టే అలవాటు మానేశాను.

ఆ కట్టుబాటు మంచిదా అన్నది వేరే మాట. దాన్ని తీసేయాలనుకునే ఇళ్లున్నాయి, తీసేసిన ఆడవాళ్లూ ఉన్నారు. కానీ ఆ నిర్ణయం వాళ్లింట్లో వాళ్లు చేసుకోవలసింది. నా పార్సిలు చెయ్యి పెట్టవలసింది కాదు.

సందర్భం విషయంలో నా తప్పు ఇంకో రకం. సందర్భమంటే పేరు అనుకున్నాను. సందర్భమంటే నిజానికి ఒక తేదీ, ఒక రంగు, ఒక లెక్క. రంగు సంగతి కోట్‌పాడ్ చీర నేర్పింది.

కోట్‌పాడ్ నేతలో రంగు ఆల్ అనే చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. మన తొగరు చెట్టు జాతిదే. మిర్గాన్ నేతవాళ్లు నూలును ఆముదం, పేడ, బూడిద నీళ్లతో రోజుల తరబడి తొక్కి ఉతికి సిద్ధం చేసి, ఆ తర్వాత రంగులో ఉడికిస్తారు. వేరు ముదురుదా లేతదా అన్నదాన్ని బట్టి, పాళ్లను బట్టి ఎరుపు నుంచి ముదురు కెంపు వరకు వస్తుంది. అన్నభేది కలిపితే నల్లబడుతుంది. ఆ నేతకారుల్లో ఒకరైన గోవర్ధన్ పాణికకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా నా జాబితాలో ఉంది. లేనిదల్లా, అంచు నల్లగా ఉంటుందన్న ముక్క.

ఒక పెళ్లికూతురి కోసం పార్వతీపురం వెళ్లిన చీర ఫొటోను మా గదిలో ట్యూబులైటు కింద తీశాను. అందులో అంచు ముదురు వక్కపొడి రంగులా కనిపించింది. పగటి వెలుగులో అది నలుపే. పెళ్లికూతురి నాయనమ్మ దాన్ని చేత్తో ముట్టుకోలేదట. తిరిగి వచ్చిన చీరను చూసుకుంటే నాకూ నలుపే కనిపించింది. నేను చూడక కాదు. ఆ నేతలో నల్లంచే అందమని అలవాటు పడి, పెళ్లింటి కళ్లతో చూడలేదు. అప్పటి నుంచి బట్టల ఫొటో వరండాలో పగలు పదింటికి తీస్తాను. పక్కన ఒక తెల్ల కాగితం, ఒక నల్ల గొడుగు పెట్టి తీస్తాను. గొడుగు పక్కన ఏ రంగైనా తన అసలు రంగు ఒప్పుకుంటుంది. నలుపున్న చీర పెళ్లి గదిలో లేదు. అది పండగలకూ, ఉద్యోగం చేసే ఆడపిల్లలకూ ఇచ్చే చోట ఉంది. అక్కడ దానికి మంచి గిరాకీ.

తమాషా ఏమిటంటే, ఆ నలుపు భయం బియ్యం దాకా వచ్చింది. కాలాజీరా అంటే నల్ల జీలకర్ర అని అర్థం. పొట్టు నల్లగా, గింజ చిన్నగా జీలకర్రలా ఉంటుందని ఆ పేరు. దంచితే లోపల బియ్యం తెల్లగానే, మంచి వాసనతో ఉంటాయి. పేరు చూసి ఇద్దరు ముగ్గురు "శుభకార్యానికి నల్లబియ్యమా?" అని ఆగిపోయారు. ఇప్పుడు ఆ పేరు కింద "వండితే తెల్లని అన్నం, పరమాన్నానికి బాగుంటుంది" అన్న ఒక్క వాక్యం ఉంది. చరిత్ర అంతా తీసేసి ఆ వాక్యం రాశాక గృహప్రవేశాలకు ఎక్కువ పోయేది అదే.

లెక్క సంగతి ధోక్రా దగ్గర తెలిసింది. ఒకావిడ మనవరాలి ఓణీల వేడుకకు వచ్చినవాళ్లకు ఇచ్చేందుకు నలభై చిన్న ఏనుగులు కావాలన్నారు. ఒప్పేసుకున్నాను. ధోక్రా పనిలో మట్టి బొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోతే ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టి బొమ్మను తీస్తారు. అచ్చు ప్రతిసారీ పగిలిపోతుంది కాబట్టి రెండో బొమ్మ మొదటిదానిలా ఉండదు. మన ఆదిలాబాద్ ఓజాల పనీ ఇలాంటిదే. నలభై ఏనుగులు వచ్చాయి, నలభై రకాలుగా. ఒకదానికి తొండం పైకి, ఒకదానికి కిందకి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వదినామరదళ్లకు చిన్నా పెద్దా ఏనుగులు చేతిలో పడితే వేడుకలో ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఒక్కరికిచ్చే కానుకలో "ఇలాంటిది ఇంకోటి ఉండదు" అన్నది గొప్ప. నలభై మందికి పంచేటప్పుడు అదే తగువు. ఇప్పుడు ప్రతి వస్తువు కిందా "ఒకేలాంటివి ఎన్ని దొరుకుతాయి" అని ఒక గడి ఉంది. ధోక్రాకు అక్కడ "ఒకటి" అని ఉంటుంది.

ఇక డబ్బు. నా మెట్లు ఐదువందలలోపు, వెయ్యిలోపు, రెండువేలలోపు, ఆపైన. ఏ బజారు జాబితాలోనైనా అలాగే ఉంటాయి. కానీ మన ఇళ్లలో కానుక ధర అలా తేలదు. దానికి ముందు ఒక పుస్తకం తీస్తారు. మన పెళ్లిలో వాళ్లెంత చదివించారు? 516 అయితే ఇప్పుడు 516కు తగ్గకూడదు. ఏళ్లు గడిచాయి కాబట్టి 1,116 చేస్తే మర్యాద. మరీ 3,000 చేస్తే ఎదుటివాళ్ల మీద బరువు పెట్టినట్టు. ఆ పుస్తకంలోంచి వచ్చే అంకెకు కిందా పైనా హద్దులుంటాయి. నేను పై హద్దు ఒక్కటే అడుగుతున్నాను. వెయ్యిలోపు అని నొక్కినవాళ్లకు 280 రూపాయల కాఫీ పొడి కూడా చూపిస్తున్నాను. 1,116 ఇవ్వవలసిన చోట 280 వస్తువు చూపిస్తే అది చవక కాదు, అప్పు తీర్చకపోవడం.

దానికి తోడు పార్సిలు ఖర్చు చివర్లో కలిపేదాన్ని. ఒక వెదురు బుట్టలో కాలాజీరా, తేనె సర్ది 620 రూపాయలకు పెట్టాను. మొత్తం బరువు రెండు కిలోలు దాటదు. కానీ బుట్ట పెట్టిన అట్టపెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు. కొరియరువాళ్లు ఈ మూడింటినీ హెచ్చవేసి 5,000తో భాగించి వచ్చినదాన్ని కిలోలుగా లెక్కేస్తారు. 22,500ను భాగిస్తే నాలుగున్నర కిలోలు. తూకానికీ ఈ లెక్కకూ ఏది ఎక్కువైతే దానికే డబ్బు. మేం పంపించింది సగానికి పైగా బుట్టలోని గాలి. 620 అనుకుని వచ్చినవాళ్లు చివరికి 900 దాటడం చూసి ఆగిపోయేవారు. వాళ్ల పుస్తకంలో 900 అన్న అంకె లేదు. ఉన్నవి 516, 1,116.

కాబట్టి మెట్లనే మార్చాను. 516, 1,116, 2,116, 5,116. ప్రతి మెట్టులోనూ వస్తువు, పెట్టె, కింద ఏ ఊరికైనా కొరియరు అన్నీ కలిసి ఆ అంకెకు సరిపోవాలి, లేదా కొద్దిగా తగ్గాలి. బుట్ట తీసేసి గుడ్డ సంచీ పెట్టాను. పెట్టె చిన్నదైంది, మిగిలిన డబ్బుతో బియ్యం ఇంకో కిలో వచ్చింది. ఊళ్లోనే చేతికి తీసుకునేవాళ్లకు కొరియరు తీసేసిన ధర పక్కనే ఉంటుంది. ధర ఎక్కడ మొదలవుతుందో కాదు, ఎక్కడ ఆగుతుందో ఆ అంకె రాయాలి.

ఈ మూడూ సరిచేసుకున్నాక కొత్త కాగితాన్ని మొదట పరీక్షించింది కర్మాగారంలో ఒక షాపువాళ్లు. వాళ్ల ఫోర్‌మన్‌గారు ఆ నెలాఖరున దిగిపోతున్నారు. ఇరవై రెండు మంది తలా 150 వేసుకున్నారు. మొత్తం 3,300. అడగడానికి వచ్చిన అబ్బాయి సాలూరువాడు. "పిన్నీ, గోడ గడియారం వద్దు. ఆయనకి ఇప్పటికే మూడున్నాయంట" అన్నాడు. మునుపైతే "ఆపైన" అన్న మెట్టు తెరిచి, ధోక్రా గుర్రం చూపించేదాన్ని. అందంగా ఉంటుంది, వేదిక మీద కనిపిస్తుంది, మూడు కిలోలు తూగుతుంది.

ఈసారి కాగితంలో ఉన్న వరసలో అడిగాను. మొదట ఎవరికి. ఆయనకా, ఆయన భార్యకు కూడానా? వేదిక మీద ఇద్దర్నీ కూర్చోబెడతారు. అయితే రెండు చేతులకు రెండు వస్తువులు కావాలి. తర్వాత ఎక్కడికి వెళుతుంది. క్వార్టరు ఖాళీ చేసి పది రోజుల్లో గజపతినగరం పక్కన సొంతూరు వెళ్లిపోతున్నారు. సామానంతా కట్టే ఇంట్లోకి మూడు కిలోల ఇత్తడి గుర్రం పంపడమంటే ఆవిడకు పని చెప్పడమే. గుర్రం అక్కడే పోయింది. తర్వాత తేదీ. ఇంకా పన్నెండు రోజులుంది. కొత్తగా నేయించడానికి చాలదు, కాబట్టి నా దగ్గర సిద్ధంగా ఉన్నవాటిలోనే చూడాలి. డబ్బు చివర.

3,300లో మిఠాయి, కారా, టీకి 900 పోతుంది. దండకు 150. శాలువాకు 350. మిగిలేది 1,900. ఇక్కడ ఆగి, ఆ శాలువా ఎక్కడిదని అడిగాను. బజారులో దొరికే మెరుపు శాలువా. అందరికీ కప్పేదే, ఇంటికెళ్లాక బీరువాలో మిగతావాటి మీద పడేదే. కప్పడం ఎలాగూ తప్పదు కాబట్టి కప్పేదే కానుక చేస్తే? శాలువా 350 కూడా కలుపుకుంటే 2,250 అయింది. నా దగ్గర కోట్‌పాడ్ ఉత్తరీయం 1,650. ఎర్రంచుది, నలుపు లేనిది. మిగిలింది 600. ఆవిడ చేతికి కాఫీ పొడి అనుకున్నాడు అబ్బాయి. వాళ్లింట్లో ఫిల్టరు ఉందా అని అడిగితే, టీ తప్ప తాగరన్నాడు. కొరాపుట్ కాఫీ అరబికా. మేం చికోరీ కలపం. ఫిల్టరు లేని ఇంట్లో అది నెల రోజుల్లో వాసన పోయి మూలపడుతుంది. దాని బదులు రెండు కిలోల కాలాజీరా 360, కొండ తేనె 240. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఆ ఉత్తరీయాన్ని ఆయన భుజం మీద కప్పి, అది ఎక్కడ నేసిందో, రంగు ఏ వేరుదో రెండు మాటలు మైకులో చదివారట. నేను మొదటి జాబితాలో పేజీలకొద్దీ రాసిన చరిత్రకు అసలు చోటు అక్కడ! కొనేముందు కాదు, ఇచ్చేటప్పుడు. ఇప్పుడు ప్రతి వస్తువుతో పాటూ ఇచ్చేవాళ్లు చదివేందుకు నాలుగు వరసల చీటీ పెడుతున్నాను. మనవాళ్లు కానుకల్ని చదివింపులని ఊరికే అన్లేదు.

ఈ పాఠం నిజానికి నా పద్నాలుగు వస్తువుల్లోనే ఒకటి మొదటి నుంచీ చెబుతోంది. నియమగిరి డోంగ్రియా కొంధ్ ఆడపిల్లలు ముతక తెల్లగుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలు కుట్టే కప్‌డాగండా శాలువా ఉంది. అది బజారు కోసం పుట్టింది కాదు. తాము కప్పుకోవడానికీ, తండ్రికో అన్నదమ్ములకో మనసైనవాడికో ఇవ్వడానికీ కుట్టుకునేది. ఎవరికి అన్నది తెలిశాకే సూదిలో దారం ఎక్కేది. నేను దాన్ని కొని తెచ్చి, "ఎవరికైనా ఇవ్వవచ్చు" అని రాశాను.

ఇప్పటి కాగితంలో 120 గదుల్లేవు, తొమ్మిది ఉన్నాయి. ఒక్కో గదిలో మూడు వస్తువులకు మించవు. ప్రతి వస్తువు కిందా ఆరు మాటలు: విప్పితే ఏం కనిపిస్తుంది, ఎవరికి బాగుంటుంది, ఎవరికి వద్దు, ఒకేలాంటివి ఎన్ని దొరుకుతాయి, ఎన్ని రోజులు పడుతుంది, చేతికి అందేసరికి ఎంత. వీటిలో రాయడానికి నేను వెనకాడింది మూడోది. అమ్మేవాళ్లు ఎవరైనా తమ వస్తువు వద్దని రాస్తారా అని మా వారే అన్నారు. రాశాను. "ఇంట్లో ఫిల్టరు లేకపోతే వద్దు." "ఇల్లు మారేవాళ్లకు వద్దు." "ఒకేలాంటివి నాలుగు కావాలంటే వద్దు." తిరిగి వచ్చే పార్సిళ్లు దాదాపు ఆగిపోయాయి. ఫోన్లు ఆగలేదు గానీ, అడిగేది మారింది. "ఏటియ్యమంటావు" పోయి, "రెండోదాన్లో చిన్న సైజుందా" అయింది.

జాబితాతో తీరని సందర్భాలూ ఉన్నాయి. రెండో జాబితా అత్యుత్సాహంలో సందర్భాల కింద పరామర్శ అని కూడా రాయబోయి, అచ్చుకు ముందు కొట్టేశాను. ఎవరో పోయిన ఇంటికి మూడు గదులు నొక్కి ఎంచేది ఏదీ లేదు.

విజయనగరం ఆవిడకు పెట్టె మార్చి కాలాజీరా పంపాను. బెంగళూరు అబ్బాయికి ఈ సంగతి చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఆ తర్వాత ఆరు నెలలకు ఆవిడే ఫోన్ చేశారు. ఎదురింటి వాళ్ల పాప పుట్టినరోజట, 116 రూపాయల్లో ఏముందని. కాగితమంతా వెతికాను. అంతలో మా దగ్గర ఏదీ లేదు. ఉన్నవాటిలో ఏదో ఒకటి చెప్పబోయి, నాలుక్కరుచుకుని, "లేదండీ, ఆ నూటపదహార్లే కవరులో పెట్టి పాప చేతికివ్వండి" అన్నాను. ఆ మాట ఇప్పుడు కాగితం చివరి గదిలో అచ్చయి ఉంది.